హోటల్ గదిలో తొమ్మిది నెలల పాప

వరంగల్ నుంచి ఒక యువదంపతులు ఉత్తరం రాశారు. పాపకు తొమ్మిది నెలలు నిండాయి. డిసెంబరులో విశాఖపట్నం వెళ్లి మూడు రాత్రులు ఉండాలని ఆన్‌లైన్ సైటులో హోటల్ గది బుక్ చేసుకున్నారు. పాపకు తొట్టి మంచం, భోజనాల దగ్గర ఎత్తు కుర్చీ, తినడానికి పిల్లల భోజనం కావాలని ఆ సైటులో ప్రత్యేక అభ్యర్థనల గడిలో రాశారు. 'ఏర్పాటు చేయడానికి ప్రయత్నిస్తాం' అని జవాబొచ్చింది. 'దీన్ని నమ్మి బయల్దేరొచ్చా? అక్కడ పాపను ఎక్కడ పడుకోబెట్టాలి, ఏం పెట్టాలి?' అని అడిగారు. హోటళ్లలో ఫ్రంట్ ఆఫీసులోనూ హౌస్‌కీపింగ్‌లోనూ పనిచేసినదాన్ని కాబట్టి అటువైపు ఏం జరుగుతుందో చెప్పి, మీ మూడు ప్రశ్నలకూ జవాబిస్తాను.

ముందు ఆ జవాబు సంగతి. 'ప్రయత్నిస్తాం' అంటే మంచం మీ పేరున పక్కన పెట్టినట్టు కాదు. వంద గదులున్న హోటల్లో కూడా పిల్లల మంచాలు నాలుగో ఐదో ఉంటాయి. వాటిని గదిలాగా ముందే ఎవరి పేరునా కట్టేయరు. చాలా చోట్ల ఆ రోజు ఎవరు ముందు దిగితే వాళ్ల గదికి వెళ్లిపోతాయి. మీరు సైటులో రాసిన మాట బుకింగ్‌తో పాటు హోటల్ కంప్యూటర్లో రిమార్కుల కింద చేరుతుంది. అక్కడి నుంచి అది రేపు దిగబోయేవాళ్ల జాబితాలోకి, ఆ జాబితా నుంచి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ చేతికి వెళ్లాలి. ఈ దారిలో ఎక్కడో ఒకచోట అది జారిపోవడం మామూలే. దసరా సెలవుల్లో, డిసెంబరు చివర, సంక్రాంతికి విశాఖ హోటళ్లు నిండిపోయినప్పుడు ఇంకా ఎక్కువ జారుతుంది.

అందుకని దిగడానికి రెండు రోజుల ముందు నేరుగా హోటల్‌కే ఫోన్ చేయండి. సైటు కాల్‌సెంటర్‌కు చేస్తే లాభం లేదు. ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా గదులు ఖాళీచేసేవాళ్ల హడావిడి ఉంటుంది కాబట్టి నాలుగు దాటాక చేస్తే తీరుబడిగా మాట్లాడతారు. రిసెప్షన్‌లో కాకుండా డ్యూటీ మేనేజరుతో మాట్లాడి, పాప వయసు చెప్పి, 'చుట్టూ కటకటాలో వలో ఉన్న పసిపిల్లల మంచం' అని విడమరిచి చెప్పండి. ఊరికే 'కాట్ కావాలి' అంటే మన హోటళ్లలో పెద్దవాళ్లకు వేసే మడత మంచం, అంటే ఎక్స్‌ట్రా బెడ్ పంపి దానికి డబ్బు కూడా వేస్తారు. పసిపిల్లల మంచానికి ఎక్కువ హోటళ్లు డబ్బు తీసుకోవు. అయినా ఒక మాట అడగండి.

ఆ ఫోన్లోనే ఇంకో రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది, మంచం చెక్కదా, మడిచే వల మంచమా? రెండోది, మీరు తీసుకున్న గదిలో అది పడుతుందా? చెక్క మంచం నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉంటుంది. మడిచే మంచం పొడవు అంతకంటే కాస్త తక్కువ, వెడల్పు కాస్త ఎక్కువ. చిన్న గదుల్లో పెద్ద మంచానికీ గోడకీ మధ్య అంత చోటు ఉండదు. అప్పుడు దాన్ని తలుపు దారిలోనో ఏసీ గాలి నేరుగా తగిలేచోటో పెట్టేస్తారు. మాట్లాడిన సంగతులన్నీ ఒక చిన్న మెయిల్లో రాసి, జవాబుగా ఒక్క ముక్కయినా రాయమని అడగండి. ఆ జవాబు రాసిన పేరు మీ దగ్గరుంటే, దిగిన రోజు డ్యూటీలో ఎవరున్నా పని జరుగుతుంది.

ఇక అసలు విషయం, మంచం గదిలోకి వచ్చాక. ఇక్కడే ఎక్కువసేపు మాట్లాడాలని ఉంది. మంచం వచ్చిందన్న సంతోషంలో ఎవరూ దాన్ని పరీక్షించరు. ప్రయాణపు అలసటలో పాపను వెంటనే అందులో పడుకోబెట్టేస్తారు. తెచ్చిన అబ్బాయిని అయిదు నిమిషాలు ఆగమనండి. మీ కళ్లముందే బిగించమనండి.

మన హోటళ్లకు ఎక్కువగా వచ్చేది మడిచే వల మంచం. నాలుగు పక్కలా వల, పైన నాలుగు పట్టీలు, కింద మధ్యలో పైకి లేచి ఉండే అడుగుభాగం. దీన్ని తెరవడంలో ఒక వరస ఉంది. ముందు పైనున్న నాలుగు పట్టీలనూ ఒక్కొక్కటిగా పైకి లాగి టక్కుమనేదాకా బిగించాలి. ఆ తర్వాతే అడుగుభాగాన్ని కిందికి నొక్కాలి. తొందరలో అడుగు ముందు నొక్కేస్తే పైపట్టీలు గట్టిగా పడవు, కానీ చూడటానికి మంచం నిలబడే ఉంటుంది. అందుకని ఒక్కో పట్టీ మధ్యలో అరచేయి పెట్టి మీ బరువు కొంత వేసి నొక్కి చూడండి. మధ్యలో విరిగినట్టు కిందికి వంగిందంటే అది బిగియలేదు. తొమ్మిది నెలల పాప లేచి ఆ పట్టీనే పట్టుకుని నిలబడుతుంది. అప్పుడది ముడుచుకుంటే మధ్యలో చిక్కుకునేది ఆమె మెడ.

రెండోది పరుపు. ఆ మంచంతో వచ్చే పరుపు పల్చగా, గట్టిగా, అట్టలా ఉంటుంది. అది చూసి చాలామంది తల్లులకు మనసు ఒప్పదు. హోటల్ కుర్రాళ్లు కూడా ప్రేమకొద్దీ పెద్దవాళ్ల రజాయిని మడిచి దానిపైన వేసి, పక్కన ఒక దిండు కూడా పెట్టి తెస్తారు. వాటన్నింటినీ తీసేయమనండి. ఆ పరుపు గట్టిగా ఉండటం లోపం కాదు, అలా ఉండాలనే తయారుచేశారు. పైన ఇంకో పరుపో రజాయో వేస్తే దాని అంచుకూ మెత్తటి వలగోడకూ మధ్య ఒక సందు ఏర్పడుతుంది. నిద్రలో దొర్లిన పాప ముఖం ఆ సందులోకి వెళ్లి వలకు ఆనుకుంటే తనంతట తాను తల తిప్పుకోలేకపోవచ్చు. మెత్తటి దుప్పట్లోకి ముక్కు దిగినా ఊపిరాడదు. అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం చెప్పేది కూడా ఇదే: వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా సమంగా ఉండాలి, దాని మీద బిగుతుగా పరిచిన ఒక్క దుప్పటి తప్ప మరేమీ ఉండకూడదు. దిండు, బొమ్మ, పక్కలకు కట్టే మెత్తలు ఏవీ వద్దు.

ఆ ఒక్క దుప్పటి దగ్గర కూడా జాగ్రత్త కావాలి. పిల్లల మంచం కొలతకు కుట్టిన దుప్పటి చాలా హోటళ్ల దగ్గర ఉండదు. పెద్ద దుప్పటిని మడిచి పైన పరుస్తారు. అర్ధరాత్రికి అది ఊడి పాప చేతికి వస్తుంది. పరుపును పైకెత్తి, దుప్పటి అంచులన్నీ దాని కిందికి తోసి, మళ్లీ అమర్చండి. లేదా ఇంటి నుంచే కొలతకు సరిపోయే దుప్పటి ఒకటి పట్టుకెళ్లండి. పాప చలికి కప్పుకోవాలంటారా? కప్పకండి. ఏసీని ఇరవయ్యారు దగ్గర పెట్టి ఒక పొర బట్టలు ఎక్కువ వేయండి. మంచం ఏసీ గాలికి ఎదురుగా ఉంటే చోటు మార్చండి.

చెక్క మంచం వస్తే చూసేవి వేరు. పరుపుకూ పక్కచెక్కకూ మధ్య రెండు వేళ్ల కంటే ఎక్కువ సందు ఉండకూడదు. కటకటాల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. మీ నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టి అడ్డంగా దూర్చి చూడండి, సులువుగా దూరిపోతే అది ఎక్కువ ఎడం. పిల్లల ఒళ్లు సందులోంచి జారిపోయి తల ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది కాబట్టే ఈ కొలత. తర్వాత రెండు చేతులతో పట్టుకుని మంచాన్ని కుదిపి చూడండి. ఏళ్ల తరబడి విప్పి బిగించిన మంచాల్లో మరలు వదులవుతాయి. పక్కచెక్క కిందికి జారే రకమైతే తిరిగి పంపేయండి. ఆ జారే పక్క ఊడి పిల్లలు ఇరుక్కుని చనిపోయారని అమెరికా 2011లో అలాంటి మంచాల అమ్మకాన్నే ఆపేసింది. పాత సరుకు ఇక్కడ ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. పాప పట్టుకుని లేస్తోందని మీరే రాశారు కదా, పరుపును అన్నిటికంటే కింది మెట్టులో పెట్టించండి. పై మెట్టు నెలల పిల్లల కోసం.

చివరగా, ఎక్కడ పెట్టాలి? కిటికీ పక్కన వద్దు. తెరలు లాగే తాళ్లు, బ్లైండ్ల ఉచ్చు తాళ్లు అక్కడే వేలాడతాయి. దీపం వైరు, కెటిల్ వైరు చేతికందే టేబుల్ పక్కనా వద్దు. మీ మంచానికి ఒక చేయి చాపు దూరంలో, గోడ వైపు, ఫోన్ లేని పక్కన పెట్టుకుంటే రాత్రి చేయి చాపి చూసుకోవచ్చు.

మంచం రాలేదనుకోండి. నిండిన రోజుల్లో అది జరుగుతుంది. అప్పుడు మనవాళ్లు సాధారణంగా చేసేది పెద్ద మంచం మధ్యలో పడుకోబెట్టి అటూ ఇటూ దిండ్లు కట్టడం, లేకపోతే మంచాన్ని గోడకు జరిపేయడం. రెండూ వద్దంటాను. పాకే పిల్లకు దిండు అడ్డే కాదు, ఎక్కడానికి మెట్టు. పైగా మంచి హోటళ్ల పరుపుల మీద మెత్తటి టాపర్ ఉంటుంది, పాప అందులోకి దిగబడుతుంది. గోడకు జరిపిన మంచం రాత్రికి రెండు అంగుళాలు కదిలినా ఆ సందు చాలు. రెండు సింగిల్ మంచాలు కలిపిన గదిలో మధ్య అతుకు కూడా అలాంటిదే. అంతకంటే మన ఇళ్లలో ఎప్పుడూ చేసేదే మేలు, నేల మీద పక్క వేయండి. ఒక పల్చటి బొంత రెండు మడతలు పరిచి, పైన దుప్పటి బిగుతుగా లాగి దోపి, చుట్టూ నాలుగు అడుగులు ఖాళీ ఉంచండి. ముందుగా మీరు మోకాళ్ల మీద కూర్చుని పాప ఎత్తు నుంచి గదిని చూడండి. ప్లగ్గులు, డస్ట్‌బిన్, మంచం కింద ఎవరో పారేసిన మాత్రల రేకు, సీసా మూత, అన్నీ అప్పుడే కనిపిస్తాయి. గది గడప దగ్గర చీమలున్నాయా, కార్పెట్ తడిగా ఉందా కూడా చూసుకోండి. చీర ఉయ్యాల సంగతి అడిగారు కదా, హోటల్లో కొక్కెం ఉండదు, ఉన్నా దాని బలం ఎంతో తెలియదు. అసలు లేచి కూర్చునే వయసు పిల్లలు ఉయ్యాల్లో తిరగబడతారు.

ఎత్తు కుర్చీ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. రెస్టారెంటులో ఒకదానిపై ఒకటి పేర్చే చెక్క కుర్చీలుంటాయి. వాటిలో చాలావాటికి పట్టీలు తెగిపోయి ఉంటాయి. కుర్చీ రాగానే చూడాల్సింది కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ. నడుము పట్టీ ఒక్కటే ఉంటే సరిపోదు. పట్టీ లేదని చున్నీతో నడుముకు కట్టేస్తారు కొందరు. అలా కడితే పాప కిందికి జారినప్పుడు చున్నీ నడుము నుంచి పైకి జారి ఛాతీ దగ్గర, మెడ దగ్గర బిగుసుకుంటుంది. కాళ్ల మధ్య పట్టీ లేకపోతే ఇంకో కుర్చీ అడగండి, అదీ లేకపోతే ఒళ్లో కూర్చోబెట్టుకోండి. కుర్చీని టేబుల్‌కు మరీ దగ్గరగా, పాప పాదాలు టేబుల్ కాలికో గోడకో ఆనేలా పెట్టొద్దు. పిల్లలు పాదాలతో తన్ని వెనక్కి తోస్తారు, కుర్చీ వెల్లకిలా పడుతుంది. సర్వర్లు సాంబారు, కాఫీ మోసుకెళ్లే దారిలో, దోశ పెనం కౌంటరు పక్కన కూర్చోవద్దు. టేబుల్ గుడ్డ అంచు పాప చేతికి అందితే దానితోపాటు మీ కాఫీ కప్పు కూడా వస్తుంది. ఆ అంచును పైకి మడిచేయండి.

ఇక భోజనం. హోటళ్లలో 'పిల్లల మెనూ' అని ఉండేది మీ పాప కోసం కాదు. ఫ్రెంచ్ ఫ్రైలు, నూడుల్స్, చిన్న పిజ్జా, ఇవన్నీ నాలుగేళ్లు దాటిన పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. తొమ్మిది నెలల పాపకు తల్లిపాలతోపాటు రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారీ ఓ అరకప్పు మెత్తటి భోజనం కావాలి. ఏడాది నిండేదాకా ఉప్పు, చక్కెర వేయకపోవడమే మంచిది. వంటగది అందుకు ఒప్పుకుంటుంది. కానీ ఎలా అడగాలో తెలియాలి.

హోటల్ పప్పు ఉదయమే పెద్ద గిన్నెలో ఉడికిపోతుంది, ఉప్పు అప్పుడే పడుతుంది. మధ్యాహ్నం మీరు 'ఉప్పు లేకుండా' అంటే ఆ పప్పులోంచి ఉప్పు తీయలేరు కాబట్టి తాలింపు మానేసి, 'ప్లెయిన్' అని పంపుతారు. అన్నం సంగతీ అంతే. పలావులకు, భోజనాలకు పనికొచ్చేలా పలుకుపలుకుగా వండి వారుస్తారు, పసిపిల్ల నమలగలిగేది కాదు. అందుకని ముందురోజు రాత్రే రూమ్ సర్వీస్‌కు ఫోన్ చేసి షెఫ్‌తోనో, ఆయన కింద డ్యూటీలో ఉన్నవాళ్లతోనో మాట్లాడతామని అడగండి. మాటలు ఇంత స్పష్టంగా ఉండాలి: 'అరకప్పు బియ్యం, పావుకప్పు పెసరపప్పు విడిగా చిన్న కుక్కర్లో అయిదారు కప్పుల నీళ్లతో అయిదారు విజిల్స్ రానివ్వండి. ఉప్పు, కారం, తాలింపు ఏమీ వద్దు. గరిటెతో మెదిపి ఒక చెంచా నెయ్యి కలిపి పన్నెండున్నరకు గదికి పంపండి.' పన్నెండున్నరకు కావాలంటే అప్పటికి నలభై నిమిషాల ముందే పొయ్యి మీదికి ఎక్కాలి. చెప్పకపోతే మధ్యాహ్నం రద్దీలో మీ చిన్న కుక్కర్‌కు మంట దొరకదు. చిలగడదుంపో క్యారెట్టో అందులోనే వేసి ఉడికించమనొచ్చు. ఇలా రాయించుకున్న ఆర్డర్‌ను మూడు రోజులూ అదే సమయానికి కొనసాగించమంటే వంటవాళ్లకూ సులువు.

పొద్దున బఫేలో పాపకు పెట్టదగినవి తక్కువే. ఇడ్లీలో కొంచెం ఉప్పు ఉంటుంది, అయినా ఒక సగం ఇడ్లీని గోరువెచ్చటి నీళ్లతోనో తల్లిపాలతోనో మెదిపి పెట్టొచ్చు. అది ఆవిరి మీంచి అప్పుడే దించినదై ఉండాలి. ఎంతసేపటి నుంచి కౌంటర్లో ఉందో తెలియని ఇడ్లీ వద్దు, వాయి దిగేదాకా ఆగండి. బాగా మగ్గిన అరటిపండు, పూర్తిగా ఉడికిన గుడ్డు మెదిపి పెట్టొచ్చు. ద్రాక్షపండ్లు, వేరుశనగ గుళ్లు, బొప్పాయి పెద్ద ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి. పాన్‌కేకుల పక్కన తేనె ఉంటుంది, దాన్ని పాప నాలుక మీద చుక్క కూడా వేయకండి. తేనెలో ఉండే కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఏడాదిలోపు పిల్లల పేగుల్లో మొలిచి బోటులిజం అనే పక్షవాతం లాంటి జబ్బు తేగలవు. మన పెద్దవాళ్లు నాలుకకు తేనె రాయడం అలవాటే కాబట్టి ప్రయాణంలో అమ్మమ్మో నాయనమ్మో వెంట ఉంటే వాళ్లకూ నెమ్మదిగా చెప్పండి.

డబ్బాపాలు కూడా ఇస్తున్నామని రాశారు. గదిలో కెటిల్‌ను నమ్మేముందు దాని మూత తెరిచి లోపల చూడండి. ముందు వచ్చినవాళ్లు అందులో నూడుల్స్ వండి ఉండొచ్చు, వాసన వస్తే మార్చమనండి. ఒకసారి నీళ్లు మరగించి పారబోసి, రెండోసారి మరగించిన నీళ్లు వాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి ఏమిటంటే, మరిగిన నీళ్లు అరగంట కంటే ఎక్కువసేపు ఆరనివ్వకుండా, ఇంకా డెబ్బై డిగ్రీలకు తగ్గకముందే పొడి కలపాలి. పొడిలో ఉండే సూక్ష్మజీవులు ఆ వేడికే చస్తాయి. కలిపాక సీసాను చల్లటి నీళ్ల గిన్నెలో తిప్పి, మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసి పట్టండి. రెండు గంటల్లో తాగకపోతే పారబోయండి. మిగిలిన పాలనో పిండిన తల్లిపాలనో గదిలోని మినీబార్‌లో పెట్టి రాత్రంతా ఉంచొద్దు. అది ఇంట్లో ఫ్రిజ్ అంత చల్లబడదు. గది కార్డు తీస్తే కరెంటు ఆగిపోయే గదులూ ఉన్నాయి. తల్లిపాలు దాచాలంటే సీసా మీద పేరు, గది నంబరు, సమయం రాసి వంటగది ఫ్రిజ్‌లో పెట్టమనండి.

ఇంటి నుంచి ఉగ్గు పొడి తీసుకెళ్లడం మంచి ఆలోచనే. అయితే ఇంట్లో వేయించి పట్టించిన పొడిని కెటిల్ నీళ్లతో కలిపేస్తే సరిగ్గా ఉడకదు, కడుపు ఉబ్బుతుంది. పొట్లాన్ని వంటగదికి పంపి, రెండు చెంచాల పొడికి ఒక కప్పు నీళ్లు పోసి పది నిమిషాలు కలుపుతూ ఉడికించమనండి. ఏ హోటల్ షెఫ్ అయినా కాదనడు.

తిరుగు ప్రయాణం రోజు పాపకు దారిలో కావలసింది కూడా ముందే ఆలోచించాలి. హోటల్ నుంచి స్టేషన్‌కు, అక్కడ రైలు ఎక్కేదాకా, కిచిడీని మామూలు డబ్బాలో తీసుకెళ్తే రెండు గంటలకు మించి ఉంచకూడదు. ఎండ మండిపోతుంటే గంటే. ఫ్లాస్కును ముందుగా మరిగిన నీళ్లతో నింపి అయిదు నిమిషాలు ఉంచి వంపేసి, పొగలు కక్కే కిచిడీని నిండుగా నింపి గట్టిగా మూత పెడితే ఇంకొంతసేపు వేడి నిలుస్తుంది. తెరిచేసరికి అది గోరువెచ్చగా ఉందంటే పాపకు పెట్టకండి. పాప చెంచా తగిలిన గిన్నెలో మిగిలింది మళ్లీ దాచొద్దు, అప్పటికప్పుడు పారేయాలి. రాత్రి రైలైతే నిద్రకు ముందు తల్లిపాలు, ఒక అరటిపండు చాలు. వేడివేడి భోజనం మరునాడు పొద్దున ఇంటికి చేరాక పెట్టొచ్చు.